తారుమారైన రెండు హెడ్డింగులు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఈ మూడు ఊళ్ళలో బి.ఏ. చదివిన పిల్లలను ఎవరినైనా ఆపి, పొలిటికల్ సైన్స్ ఎవరు చెప్పారని అడగండి. "హిదాయతుల్లా సారు" అని టక్కున చెబుతారు. ఆయన ఏం చెప్పారని మాత్రం అడగకండి. పాపం, నడిరోడ్డు మీద పిల్లలను ఇబ్బంది పెట్టడం మనకెందుకు!

హిదాయతుల్లాకు యాభై ఒకటి. బక్కపలచని మనిషి, భుజాన నల్ల సంచి. సంచిలో టిఫిన్ డబ్బా, కళ్ళజోడు, మందుల సీసాలో దాచుకున్న సుద్దముక్కలు. కాలేజీవాళ్ళిచ్చే సుద్ద బోర్డును తాకగానే విరుగుతుందని ఆయన సుద్ద ఆయనే తెచ్చుకుంటాడు. సోమ, మంగళ హిందూపురం, బుధ, గురు పెనుకొండ, శుక్ర, శని ధర్మవరం. మూడూ ప్రైవేటు కాలేజీలే. మూడింట్లోనూ ఆయన సారే గాని ఒక్కదాంట్లోనూ ఆయన ఉద్యోగం ఖాయం కాదు. హిందూపురం కరస్పాండెంటు మాత్రం పెద్దమనసున్నవాడు. "వచ్చే జూన్లో పర్మినెంట్ చేస్తాం సార్" అని పంతొమ్మిది జూన్ల నుంచీ మాట తప్పకుండా చెబుతూనే ఉన్నాడు.

ఈ జీవితంలో హిదాయతుల్లాకు నిజంగా ప్రాణమైంది ఒక్కటే, అంతర్జాతీయ సంబంధాల పేపరు. అందులోనూ వాస్తవికవాదం, ఉదారవాదం పాఠం వచ్చిందంటే మనిషి పదేళ్ళు చిన్నవాడైపోతాడు. పుస్తకం మూసేసి, రోజూ తాను ఎక్కే పాసింజరు రైలును క్లాసులోకి తెచ్చేస్తాడు.

"జనరల్ బోగీ అనుకోండబ్బా. టీసీ లేడు, పోలీసు లేడు. ప్రపంచమూ అంతే, దేశాల నెత్తిన ఇంకో సర్కారు లేదు. వాస్తవికవాది ఎక్కినాడంటే ఫస్టు ఏం చూస్తాడు? నాకు సీటు దొరికిందా అని గాదు, పక్కనోనికి నాకన్నా ఎక్కువ దొరికిందా అని చూస్తాడు. ఇయ్యాల జానెడు జరిగితే రేపు నన్ను కిందికి తోస్తాడని వాని భయం. ఉదారవాది యేమంటాడు? టీసీ లేకుంటే ఏమప్పా, మనం రోజూ ఇదే బండికి వస్తాండాం గదా, రేపు కూడా మొహాలు చూసుకోవల్ల, సర్దుకుంటే ఇద్దరమూ కూర్చోవచ్చు, దానికొక పద్ధతి పెట్టుకుందాం అంటాడు."

తర్వాత అమెరికా, చైనా వాణిజ్య యుద్ధం. "రెండు వేల ఇరవై అయిదు ఏప్రిల్లో ఒకరు నూట నలభై అయిదు శాతం సుంకమేస్తే, ఇంకొకరు నూట ఇరవై అయిదు అన్నారు. మే నెలలో కూర్చుని తగ్గించుకున్నారు. వాస్తవికవాది చూపులో ఇది అంగడి గొడవ గాదు, పెత్తనం గొడవ. నాకు ఒక వంతు పోయినా సరే, వానికి రెండు వంతులు పోవల్ల. ఒకడు చిప్పులు ఆపుతాడు, ఇంకొకడు అరుదైన ఖనిజాలు ఆపుతాడు. రాజీ అంటే ఊపిరి తీసుకునే గ్యాపు, అంతే. ఉదారవాది చూపులో ఇది ఇద్దరూ నష్టపోయే తప్పు. లోపల కొన్ని కంపెనీల ఒత్తిళ్ళు, బయట నియమాలు పెట్టే ప్రపంచ వాణిజ్య సంస్థ నీరసం, రెండూ కలిసి తెచ్చిన తప్పు. ఇద్దరికీ నొప్పి తగిలింది గాబట్టే టేబులు దగ్గరికి వచ్చినారు."

ఇంత చక్కగా చెబుతుంటే పిల్లలు ఏం చేస్తారనుకున్నారు? బెంచీ కింద గైడు తెరిచి, ఆ ప్రశ్న ఏ పేజీలో ఉందో వెతుకుతారు.

ఆ గైడు సంగతి చెప్పాలి. హిందూపురంలో ప్రింటింగు ప్రెస్సు నడిపే ఇలియాస్ ఏటా అచ్చేసే గైడు అది. నీలం అట్ట మీద "అనుభవజ్ఞులైన అధ్యాపక బృందం" అని పెద్దక్షరాలు. ఆ బృందంలో ఎవరెవరున్నారో మూడు ఊళ్ళలో ఎవరికీ తెలియదు. తిరుపతి ప్రొఫెసర్లని కొందరు, రిటైరైన వైస్ ఛాన్సలర్ అని కొందరు. నిజానికి ఆ బృందమంతా కలిపి ఒకే ఒక మనిషి. ఆయన పాసింజరులో కిటికీ పక్కన, తొడ మీద ప్యాడు పెట్టుకుని రాస్తాడు. అవును, హిదాయతుల్లాయే! గైడు రాసినవాళ్ళను పరీక్ష పేపర్లు దిద్దనివ్వరు, అది యూనివర్సిటీ రూలు. అందుకే ఈ గోప్యం. ఇలియాస్ ఏటా ఇచ్చే పది కాపీలూ బీరువా మీద చీరల కింద పడి ఉంటాయి.

"నీ క్లాసులో నువ్వు నోరు నొప్పెట్టేలా చెప్తావు, నీ పిల్లోళ్ళు నీ మాట ఇనకుండా నీ పుస్తకమే చదువుతారు. నీకు నువ్వే పోటీ గదయ్యా!" అని భార్య షహనాజ్ నవ్వుతుంటుంది. ఆమె మిషను కుట్టుకుంటూ వేసే ఇలాంటి సూదులు హిదాయతుల్లాకు అలవాటే.

కిందటేడు గైడులో వాణిజ్య యుద్ధం ప్రశ్న కొత్తగా చేరింది. ఇలియాస్ ప్రూఫు వాట్సాపులో పంపి, "సార్, ఒకసారి చూడండి, మెషినెక్కిస్తాండా" అన్నాడు. హిదాయతుల్లా అప్పుడు పెనుకొండ స్టేషన్లో టీ తాగుతున్నాడు. రాసింది తానే, ప్రతి అక్షరమూ నోటికి వచ్చు, ఇంక చూసేదేముంది? బొటనవేలి బొమ్మ ఒకటి పంపి, టీ పూర్తిచేసి బండెక్కాడు.

ఈ ఏప్రిల్లో పరీక్షలయ్యాయి. పేపర్లు దిద్దే క్యాంపు ధర్మవరంలో ఒక కాలేజీలో పెట్టారు. ఎండ మండిపోతోంది, హాల్లో ఎనిమిది ఫ్యాన్లకు మూడు తిరుగుతున్నాయి. ఆ మూడింటి కింద ఎవరు కూర్చోవాలన్నది మొదటి గంటలోనే తేలిపోయింది. చీఫ్ ఎగ్జామినర్ నారాయణస్వామి ఒకదాని కింద, ఆయన మనుషులు రెండోదాని కింద, ఆయన సంచి మూడోదాని కింద.

నారాయణస్వామి జవాబుల కీ పంచాడు. పదమూడో ప్రశ్న: అమెరికా–చైనా వాణిజ్య యుద్ధాన్ని వాస్తవికవాదం, ఉదారవాదం ఎలా చూస్తాయి? పది మార్కులు. హిదాయతుల్లా కీ చదివి కళ్ళజోడు తుడుచుకున్నాడు. మళ్ళీ చదివాడు. వాస్తవికవాదం కింద, "ఇద్దరికీ నష్టం, నియమాలు, సంస్థలు, చర్చలు" అని ఉంది. ఉదారవాదం కింద, "పెత్తనం కోసం పోరు, ఎవరికెంత ఎక్కువ దక్కుతుందన్న లెక్క, శత్రువు బలపడకూడదు" అని ఉంది.

ఆయన లోపలే నవ్వుకున్నాడు. చీఫ్ గారు కీ తల్లకిందులు చేశారు! మెల్లగా లేచి వెళ్ళాడు.

"సార్, పదమూడోది తారుమారైనట్టుంది."

"యాడప్పా తారుమారు? స్టాండర్డ్ బుక్కులోదే రాసినా" అంటూ నారాయణస్వామి సంచిలోంచి నీలం అట్ట పుస్తకం తీసి, పేజీ తెరిచి చేతికిచ్చాడు.

హిదాయతుల్లా ఆ పేజీ చదివాడు. వాక్యాలన్నీ తనవే. కామాలు కూడా తనవే. పైన గళ్ళలో పెట్టిన రెండు హెడ్డింగులు మాత్రం దీనిది దానికి, దానిది దీనికి. పెనుకొండ స్టేషను, టీ గ్లాసు, బొటనవేలు, అన్నీ ఒకేసారి కళ్ళ ముందు తిరిగాయి. "సరే సార్, నేనే పొరబడినా" అని గొణిగి వచ్చి కూర్చున్నాడు.

ఏం చేయాలి? నోరు విప్పితే గైడు రాసింది ఎవరన్న కూపీ లాగుతారు. క్యాంపులో మళ్ళీ అడుగు పెట్టనివ్వరు. కబురు హిందూపురం చేరిందంటే ఇరవయ్యో జూను కూడా గోవిందా. ఇరవై రెండేళ్ళుగా బోర్డు మీద రాస్తున్న వాస్తవికవాదం మొదటి సూత్రమే ఆయనకు గుర్తొచ్చింది: ముందు బతికి బట్టకట్టాలి, మంచీ చెడ్డా తర్వాత. కట్ట విప్పి దిద్దడం మొదలుపెట్టాడు. మొదటి పేపరులో గైడు జవాబు, ఎనిమిది మార్కులు. రెండో దాంట్లో అదే జవాబు, ఎనిమిది. ముప్ఫై ఎనిమిది పేపర్లు, ముప్ఫై ఎనిమిది సార్లు తన తప్పుకు తానే మార్కులు వేసుకున్నాడు. తక్కిన ఎగ్జామినర్లకు ఏ అనుమానమూ రాలేదు. వాళ్ళు చూసేది ఎన్ని పేజీలు, ఎన్ని గీతలు అన్నదే గదా.

ముప్ఫై తొమ్మిదో పేపరులో జవాబు గైడులోది కాదు.

"ధర్మవరంలో చైనా పట్టుదారం కూడా వాడుతారు. ఉదారవాదం ప్రకారం, దారం వాళ్ళది, మగ్గం మాది, రెండూ కలిస్తేనే చీర. దారం ఆగితే అమ్మేవాళ్ళూ నష్టపోతారు, నేసేవాళ్ళూ నష్టపోతారు. అందుకే ఇద్దరికీ కూర్చుని మాట్లాడుకునే అవసరం ఉంటుంది. వాస్తవికవాదం ప్రకారం, దారం ఎవరి చేతిలో ఉంటే మగ్గం కూడా వాళ్ళ చేతిలో ఉన్నట్టే. ఈరోజు ఇచ్చినవాళ్ళు రేపు ఆపగలరు. ఖర్చు ఎక్కువైనా నీ దారం నువ్వే తీసుకోవాలి అంటారు. అమెరికా, చైనా చిప్పులకూ ఖనిజాలకూ కొట్లాడేది దీనికే. టీసీ లేని జనరల్ బోగీలో..."

హిదాయతుల్లా పేపరు మొదటి పేజీ తిప్పి చూశాడు. హాల్ టికెట్ నంబరు చించేసిన పేపరే, కోడు తప్ప మరేమీ లేదు. అయినా ఆయనకు తెలిసిపోయింది. ధర్మవరం కాలేజీ మూడో బెంచీ, భాగ్యశ్రీ. పొద్దున మగ్గం మీద నాయనకు సాయం చేసి, రెండో పీరియడుకు పరుగెత్తుకొచ్చే పిల్ల. ఎం.ఏ. చదవాలని ఆశ. అబ్బ, ఒక్కరు విన్నారు! ఇరవై రెండేళ్ళ రైలు ప్రయాణంలో ఒక్కరు తన పాఠం విన్నారు! ఆయనకు కళ్ళు చెమ్మగిల్లాయి.

మిగతా జవాబులు కూడి చూశాడు. ఈ ఒక్కదానికే నాలుగు పేజీలు రాసి, తక్కినవి ముక్తసరిగా లాగించేసింది పిల్ల. ఇది కాకుండా ఇరవై ఆరు. పాసుకు ముప్ఫై కావాలి. కీ ప్రకారం పదమూడో ప్రశ్నకు సున్నా. అంటే ఆఖరి సెమిస్టరులో ఫెయిలు, ఈ ఏటికి ఎం.ఏ. లేదు. తన పాఠం విన్నందుకు, తన గైడు చదవనందుకు!

పక్క టేబులు దగ్గర పెనుకొండ నుంచి వచ్చిన లక్ష్మీనరసమ్మ మేడం ఉంది. నియమమంటే ప్రాణమిచ్చే మనిషి. ఆమెకు పేపరు చూపించాడు. ఆమె చదివి, కీ చూసి, మళ్ళీ చదివి, "అయ్యో, కీ తప్పే సార్! దీనికి పద్ధతుంది. అభ్యంతరాల కమిటీకి రాద్దాం. అందరమూ కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోతుంది. ఎవరికీ నష్టం లేదు" అంది. ఆమె ముందు నడిచింది, హిదాయతుల్లా వెనక.

"కమిటీనా?" అన్నాడు నారాయణస్వామి. "ఉండాది మేడం, కాగితం మీద బ్రహ్మాండంగా ఉండాది. మెంబర్లే లేరు. పాతోళ్ళ టైమైపాయె, కొత్తోళ్ళను యెయ్యనీకుండా ఎవరో అడ్డం పడినారు. మూడేండ్లాయె."

"ప్రపంచ వాణిజ్య సంస్థలో అప్పీళ్ళ బెంచి గతే గదా సార్ ఇది! రెండు వేల పంతొమ్మిది నుంచి అదీ ఇట్లే ఖాళీ" అని హిదాయతుల్లా నోరు జారాడు. ఎంత గండంలో ఉన్నా పాఠం ఆగదు ఆయనకు.

"అది నాకెందుకప్పా! ఈడ కీ ఎవరి చేతిలో ఉండాది? నా చేతిలో. ఇప్పుడు తప్పని ఒప్పుకుంటే మూడు వేల పేపర్లు మళ్ళీ దిద్దల్ల. రేపటి నుంచి ప్రతోడూ నా కీలో బొక్కలు వెతుకుతాడు. ఇయ్యాల ఒక అడుగు వెనక్కి పోతే రేపు నన్ను కుర్చీలోంచే లేపుతారు."

"కాదు సార్, తప్పు దిద్దుకుంటే మనందరికీ మంచి పేరు. వచ్చే ఏడు కూడా ఈడనే కలిసి పనిచెయ్యాల గదా మనం" అని లక్ష్మీనరసమ్మ.

హిదాయతుల్లా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పదమూడో ప్రశ్నకు రెండు సరైన జవాబులు తన ఎదుట కుర్చీలో ఒకటి, పక్కన నిలబడి ఒకటి ఉన్నాయి. ఇద్దరికీ ఆ సంగతి తెలియదు, ఇద్దరూ తప్పు కీ పట్టుకుని కొట్లాడుతున్నారు.

"హెడ్డింగులు తిరగబడినాయి సార్, అంతే" అన్నాడు. "వాస్తవికవాది చర్చలు వద్దనడు. కానీ వాటిని నమ్మడు. ఉదారవాదికి కొట్లాటలు తెలియక గాదు, ఇద్దరి అవసరాలూ పెనవేసుకుంటే కొట్లాట ఖరీదవుతుందంటాడు. ఈ పిల్ల అదే రాసింది. నా కట్టలో సరిగ్గా రాసింది ఈ పిల్ల ఒక్కతే."

"అంటే ఈ గైడు రాసినాయన కన్నా నీకు ఎక్కువ తెలుసా?" నారాయణస్వామి కుర్చీలో వెనక్కి వాలాడు. "ఎంత పెద్ద మనుషులు రాసినారో తెలుసా ఇది? బృందం అప్పా, బృందం!"

హాల్లో పెన్నులు ఆగిపోయాయి. హిదాయతుల్లాకు షహనాజ్ కుట్టుమిషను చప్పుడు, కరస్పాండెంటు పెద్దమనసు, మూడో బెంచీలో తల వంచి రాసుకునే పిల్ల, అన్నీ గుర్తొచ్చాయి. భయం వేసింది. బాగా భయం వేసింది. అయినా నోరు తెరిచాడు.

"ఆ బృందం నేనే సార్."

హాలంతా పకపకా నవ్వింది. నమ్మితే ఒట్టు! నారాయణస్వామి కళ్ళు తుడుచుకుంటూ, "పోప్పా, ఎండకు నీకు తల తిరిగినట్టుండాది" అన్నాడు. తన నేరాన్ని తానే రుజువు చేసుకోవలసిన ఖర్మ పట్టింది హిదాయతుల్లాకు. ఫోను తీసి ఇలియాస్ పంపిన ప్రూఫు వెతికి చూపించాడు. పేజీ, రెండు తారుమారు హెడ్డింగులు, కింద తన బొటనవేలు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నారాయణస్వామి చివరికి ఒక రాజీకి వచ్చాడు. సాయంత్రం నోటీసు అంటించారు: "పదమూడో ప్రశ్నకు హెడ్డింగులు ఏ వరుసలో ఉన్నా పూర్తి మార్కులు వేయవచ్చును." పాత పేపర్లు మళ్ళీ దిద్దే పని లేదు గాబట్టి కీ నెగ్గిందన్నాడు నారాయణస్వామి. అందరూ కూర్చుని తేల్చుకున్నారు గాబట్టి పద్ధతి నెగ్గిందంది లక్ష్మీనరసమ్మ. ప్రపంచ రాజకీయాల్లో రెండు పెద్ద సిద్ధాంతాలకు తేడా లేదని తేల్చిన ఘనత ఆ సాయంత్రం ధర్మవరానికి దక్కింది. ఆ పేపరును హిదాయతుల్లా దిద్దకూడదన్నారు. లక్ష్మీనరసమ్మ దిద్ది తొమ్మిది వేసింది. హిదాయతుల్లాను మూడేళ్ళపాటు క్యాంపుకు రావద్దని రాసిచ్చారు.

హిందూపురం కరస్పాండెంటు జూన్లో పిలిచి, "కొంచెం గొడవ సద్దుమణగనీండి సార్, వచ్చే జూన్లో చూద్దాం" అన్నాడు. షహనాజ్ విని మిషను ఆపింది. "పోనీలే" అంది. "తప్పు ఒప్పుకున్నోడివి నువ్వొక్కడివే గదా ఆ హాల్లో" అంది. ఆమె నోట సూది లేని మాట రావడం ఆయనకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

జులైలో ఒక శుక్రవారం పెనుకొండ దాటాక, బోగీలో ఎవరో "సార్!" అన్నారు. భాగ్యశ్రీ. అవ్వను పెనుకొండలో దింపి ఊరికి తిరిగి పోతోంది.

"పాసైనా సార్! ఎం.ఏ. ఎంట్రెన్సు కూడా రాసినా."

"తెలుసమ్మా, చాలా సంతోషం" అన్నాడు హిదాయతుల్లా. ఇక ఆగలేకపోయాడు. "నువ్వు గైడు చదవకుండా క్లాసులో ఇని నేర్చుకున్నావు. అందుకే గెలిచినావు."

భాగ్యశ్రీ సిగ్గుపడింది. "అట్లేం లేదు సార్. గైడు కొనల్లనే పోయినా. అంగట్లో అయిపోయినాయన్నాడు. ఇంగేం జేసేది, మీరు చెప్పిందే రాసుకున్నా. గైడుంటే మార్కులు ఇంగా బాగా వచ్చుండును. దాన్ని రాసినోళ్ళు శానా పెద్దోళ్ళంట గదా?"

హిదాయతుల్లా కిటికీ వైపు తిరిగాడు. సంచి విప్పి, క్యాంపు గొడవ తర్వాత బీరువా మీంచి తెచ్చి అందులో వేసుకున్న గైడు కాపీ తీశాడు. ఆ పేజీ తెరిచి, తొడ మీద పెట్టుకుని, మొదటి గడిలో హెడ్డింగు కొట్టేసి ఉదారవాదం అన్న మాటను వాస్తవికవాదంగా మార్చాడు. రెండో దాన్నీ అలాగే దిద్దాడు. కిందటేడు టీ తాగుతూ చేయవలసిన పని అది. బండి ఊగుతున్నా ఒక్కో అక్షరం చదివి, పేజీ చివరిదాకా చూసి, పుస్తకం ఆమె చేతికిచ్చాడు.

భాగ్యశ్రీ ఆ చేతిరాత చూసింది. మూడేళ్ళు బోర్డు మీద చూసిన రాతే. తల ఎత్తి ఆయన మొహంలోకి చూసింది.

"సార్... మీరేనా దీన్ని రాసింది?"

"రాసింది బృందం అమ్మా. తప్పొక్కటి నాది" అని హిదాయతుల్లా కొంచెం జరిగి, ఆమె కూర్చోవడానికి చోటిచ్చాడు.